ఇరవై వర్కింగ్ డేస్ అంటే ఏ తేదీ?

హైదరాబాద్‌లో ఒకాయన 2025 సెప్టెంబర్ 26, శుక్రవారం నాడు ఏదో ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాడనుకుందాం. రసీదు అడుగున ‘ఇరవై రోజుల్లో పరిష్కరిస్తాం’ అని ఉంటే గడువు అక్టోబర్ 16తో అయిపోతుంది. ‘ఇరవై పని దినాల్లో’ అని ఉండి, అది ఆదివారం మాత్రమే మూసే ఆఫీసైతే అక్టోబర్ 22 దాకా ఆగాలి. శని, ఆదివారాలు రెండూ సెలవిచ్చే ఆఫీసైతే అక్టోబర్ 28. ఇరవై అన్న అంకె మూడు చోట్లా ఒకటే, తేదీలు మాత్రం పన్నెండు రోజుల తేడాతో ఉన్నాయి. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. ఏ రోజును లెక్కలో వేసుకోవాలో, దేన్ని వదిలేయాలో రసీదు చెప్పలేదు, అంతే.

జీతాల లెక్క చూసేవాళ్లకు, లోను వాయిదాలు రాసుకునేవాళ్లకు, సరుకు ఎప్పుడొస్తుందో కస్టమర్‌కు చెప్పాల్సిన వ్యాపారికి ఈ లెక్క రోజూ ఎదురవుతుంది. గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి వేలితో లెక్కపెట్టడం ఒక పద్ధతి. ఒక నెలకైతే అది చాలు. వంద వరసలున్న షీటుకు చాలదు. అయితే కంప్యూటర్‌కు అప్పగించే ముందు చేత్తో ఎలా చేస్తామో ఒకసారి చూడటం మంచిది. ఎందుకంటే ఎక్సెల్ తప్పు జవాబిచ్చినప్పుడు అది తప్పని పట్టుకోవాల్సింది మనమే.

చేతి లెక్కకు ఆధారం ఒక చిన్న విషయం. వరసగా ఏ ఏడు రోజులు తీసుకున్నా, ఎక్కడ మొదలుపెట్టినా, అందులో సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులు ఉండి తీరతాయి. కాబట్టి మొత్తం రోజుల్ని ఏడుతో భాగించి, వచ్చినదాన్ని అయిదుతో గుణించాలి. మిగిలిన రోజులను మాత్రం విడిగా చూడాలి. 2025 అక్టోబర్ బుధవారంతో మొదలైంది. 31 రోజులంటే నాలుగు వారాలూ మూడు రోజులు. నాలుగు వారాలకు ఇరవై. మిగిలిన మూడు రోజులు 29, 30, 31. అవి ఒకటో తేదీతో మొదలైన వారాల వరసకు కొనసాగింపే కాబట్టి బుధ, గురు, శుక్రవారాలు. మూడూ పని దినాలే. మొత్తం 23.

అదే ఏడాది ఆగస్టుకూ 31 రోజులే. కానీ అది శుక్రవారంతో మొదలైంది. మిగిలిన మూడు రోజులు శుక్ర, శని, ఆదివారాలు. అంటే 21 పని దినాలే. నెల జీతాన్ని పని దినాలతో భాగించి రోజు కూలి కట్టే చోట, ఒకే జీతానికి ఆగస్టులో ఒక రోజు విలువ ఎక్కువ, అక్టోబర్‌లో తక్కువ అయ్యేది ఇందుకే. 31 రోజుల నెలలో సోమ-శుక్ర రోజులు 21కి తగ్గవు, 23కి మించవు. లీపు సంవత్సరం కాని ఫిబ్రవరికి ఈ గొడవే లేదు. ఎప్పుడూ సరిగ్గా ఇరవై. షీటులో ఏదైనా నెలకు 24 అని కనిపిస్తే ఇంకేమీ చూడకుండానే ఫార్ములా తప్పని చెప్పేయొచ్చు.

ఇక పండగలు. 2025 అక్టోబర్‌లో రెండో తేదీ గురువారం గాంధీ జయంతి, అదే రోజు విజయదశమి. ఇరవయ్యో తేదీ సోమవారం దీపావళి. పేర్లు చూస్తే సెలవులు మూడు, తేదీలు చూస్తే రెండే. 23లోంచి మూడు తీసేసి ఇరవై అనేవాళ్లుంటారు, జవాబు 21. దీనికి అటువైపు తప్పు ఇంకోటి ఉంది. 2025 గణతంత్ర దినోత్సవం ఆదివారం పడింది. 2026 దీపావళి, నవంబర్ 8, అదీ ఆదివారమే. ఆ రోజును ఆదివారంగా ఒకసారి వదిలేశాక, పండగగా మళ్లీ తీసేస్తే ఒక పని దినం అన్యాయంగా పోతుంది. ఎక్సెల్‌లోని ఫంక్షన్ ఈ రెండో తప్పు చేయదు. అప్పటికే వారాంతంగా వదిలేసిన రోజు సెలవుల జాబితాలో కనిపించినా దాన్ని మళ్లీ తీసేయదు. చేత్తో చేసేవాళ్లే గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఎక్సెల్ దగ్గరికి వద్దాం. మనకు తేదీగా కనిపించేది దానికి ఒక అంకె. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని అక్కడి నుంచి రోజుకొకటి చొప్పున లెక్కపెడుతుంది. 2025 అక్టోబర్ 1 దాని లెక్కలో 45931. అందుకే రెండు తేదీలను తీసివేయడం, తేదీకి ముప్పై కలపడం లాంటివి మామూలు కూడికలూ తీసివేతలే. ఈ అంకెల వరసలో ఓ పాత పొరపాటు దాగుంది. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఎక్సెల్ దానికి ఫిబ్రవరి 29 ఇచ్చింది. తనకంటే ముందున్న లోటస్ 1-2-3 షీట్లతో సరిపోవాలని ఆ పొరపాటును తెలిసే ఉంచేశారు. 1900 మార్చి తర్వాతి తేదీలతో పని చేసేవాళ్లకు దీనివల్ల నష్టం లేదు. మనందరం అటే ఉన్నాం.

ఫిర్యాదు గడువు కావాలంటే రాయాల్సింది ఇది. సెలవు తేదీలు F వరసలో ఉన్నాయనుకుందాం.

```
=WORKDAY(DATE(2025,9,26),20,$F$2:$F$15)
```

జవాబు ఒక్కోసారి 45958 అని వస్తుంది. కంగారు పడక్కర్లేదు. సెల్ ఫార్మాట్‌ను తేదీకి మారిస్తే అక్టోబర్ 28 అని కనిపిస్తుంది. ఇది శని, ఆదివారాలు మూసే ఆఫీసు లెక్క. F వరసలో అక్టోబర్ 2, 20 తేదీలు మాత్రమే పెట్టాం. విజయదశమి మర్నాడు కూడా సెలవిచ్చే ఆఫీసైతే అక్టోబర్ 3ని జాబితాలో చేర్చాలి, గడువు 29కి జరుగుతుంది.

దీన్నే తిరగేసి, రెండు తేదీల మధ్య ఎన్ని పని దినాలున్నాయో అడగడానికి NETWORKDAYS ఉంది. సెప్టెంబర్ 26 నుంచి అక్టోబర్ 28 దాకా ఎన్ని అని దాన్ని అడిగితే ఇరవై రావాలి కదా? ఇరవై ఒకటి వస్తుంది. ఫోన్లు మోగేది ఇక్కడే. ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన ఉన్న రెండు ఫంక్షన్లు మొదటి రోజు విషయంలో రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. WORKDAY మొదటి రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కిస్తుంది. NETWORKDAYS మొదటి రోజునూ చివరి రోజునూ రెండింటినీ కలుపుకుంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎన్ని రోజులు పని చేశావంటే అయిదు అంటాం. సోమవారం ఇచ్చిన చొక్కా శుక్రవారం వచ్చిందంటే టైలర్ నాలుగు రోజులు తీసుకున్నాడంటాం. రెండూ సరైనవే. మొదటిది పని చేసిన రోజుల లెక్క, రెండోది గడిచిన రోజుల లెక్క. హాజరుకూ జీతానికీ మొదటిది కావాలి, గడువులకు రెండోది. మన చట్టాలు రాసే పద్ధతి కూడా ఇలాంటిదే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ‘ఫలానా తేదీ నుంచి’ అన్నప్పుడు ఆ తేదీ లెక్కలోకి రాదు, మర్నాటి నుంచే గడువు మొదలవుతుంది.

చాలామంది దీనికి చేసే మందు NETWORKDAYS జవాబులోంచి ఒకటి తీసేయడం. శుక్రవారం ఇచ్చిన ఫిర్యాదుకు అది పని చేస్తుంది. అదే ఫిర్యాదు మర్నాడు, అంటే సెప్టెంబర్ 27 శనివారం నాడు ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే? శనివారాన్ని NETWORKDAYS మొదటే లెక్కలోకి తీసుకోదు, ఇరవై అనే ఇస్తుంది. అందులోంచి ఒకటి తీసేస్తే పంతొమ్మిది అవుతుంది, అది తప్పు. తీసేయాల్సింది జవాబులో కాదు. మొదటి తేదీనే ఒక రోజు ముందుకు జరపాలి.

```
=NETWORKDAYS(A2+1,B2,$F$2:$F$15)
```

ఇలా రాస్తే శుక్రవారమైనా శనివారమైనా ఇరవై వస్తుంది. ఒకటి తీసేసిన షీటు నెలల తరబడి సరిగ్గానే కనిపిస్తుంది. వారాంతంలో మొదలైన వరసల్లో మాత్రం తేడా వస్తుంది. అలాంటి వరసలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి వెంటనే ఎవరికీ అనుమానం రాదు. అనుమానం వస్తే చూడాల్సింది అవే.

ఫార్ములాలో డాలర్ గుర్తుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అవి లేకుండా F2:F15 అని రాసి కిందికి లాగితే, రెండో వరసలో అది F3:F16 అవుతుంది, మూడో వరసలో F4:F17. ఒక్కో వరసకు జాబితా పైనుంచి ఒక్కో పండగ జారిపోతూ ఉంటుంది. పై వరసలు సరిగ్గా ఉండి, కిందికి పోయేకొద్దీ పని దినాలు పెరుగుతుంటే రోగం ఇదేనని తెలుసుకోవచ్చు. సెలవుల జాబితాలో ఇంకో తేడా కూడా వస్తుంది. రోజు ముందు రాసే మన అలవాటుకూ నెల ముందు రాసే అమెరికా అలవాటుకూ మధ్య అది పుడుతుంది. డల్లాస్‌లో ఉన్న టీముకు హైదరాబాద్ నుంచి సెలవుల జాబితా వెళ్లిందనుకోండి. 02/10/2025 అని టైపు చేస్తే అక్కడి కంప్యూటర్ దాన్ని ఫిబ్రవరి 10 అని చదువుతుంది, గాంధీ జయంతి మాయమవుతుంది. 20/10/2025 అని కొడితే ఇరవయ్యో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. గుర్తు పట్టడం తేలిక. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే తేదీ సెల్‌లో కుడివైపుకు ఒదుగుతుంది, అక్షరాలు ఎడమవైపుకు. జాబితాలో కొన్ని అటూ కొన్ని ఇటూ ఉంటే దాన్ని నమ్మకూడదు.

ఇంతసేపూ వారాంతమంటే శని, ఆదివారాలని అనుకున్నాం. ఆ రెండు రోజులే అందరికీ సెలవు కాదు. ఎక్సెల్‌లో NETWORKDAYS.INTL అనే పెద్దన్న ఉన్నాడు. దానికి ఏడు అంకెల వరస ఇవ్వాలి. మొదటిది సోమవారం, చివరిది ఆదివారం. పనికి సున్నా, సెలవుకు ఒకటి. శని, ఆదివారాలు సెలవైతే "0000011", ఆదివారం మాత్రమే అయితే "0000001". నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఇంకో వరస తెలుసు. కువైట్, ఖతార్, సౌదీల్లో శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి అక్కడ "0000110". కువైట్ ఆఫీసూ హైదరాబాద్ ఆఫీసూ రెండూ తెరిచి ఉండే రోజులే కావాలంటే "0000111". వారానికి నాలుగే మిగులుతాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం 2022 జనవరి 1 నుంచి వారాంతాన్ని శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చింది, శుక్రవారం ఒంటిపూట పని పెట్టింది. కాబట్టి 2021లో మొదలై 2022లో ముగిసిన దుబాయ్ కాంట్రాక్టుకు ఒకే వరసతో లెక్క కుదరదు. డిసెంబర్ 31 దగ్గర రెండు ముక్కలు చేసి, ముక్కకొక వరస ఇచ్చి, రెండు జవాబులూ కూడాలి.

మన బ్యాంకుల పద్ధతి ఏ వరసలోనూ ఇమడదు. 2015 సెప్టెంబర్ 1 నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా శనివారాలు పూర్తి పని దినాలు. శనివారానికి సున్నా వేసినా తప్పే, ఒకటి వేసినా తప్పే. దారి ఏమిటంటే, ఆదివారం మాత్రమే సెలవని "0000001" ఇచ్చి, ఆ రెండు శనివారాల తేదీలను పండగలతోపాటు సెలవుల జాబితాలో చేర్చేయడం. ఆ శనివారాలను వెతకడానికి క్యాలెండర్ కూడా అక్కర్లేదు. రెండో శనివారం ఎప్పుడూ 8 నుంచి 14 లోపే పడుతుంది, నాలుగోది 22 నుంచి 28 లోపు. ఒక కాలమ్‌లో ఏడాది తేదీలన్నీ దించి, పక్కన ఈ పరీక్ష పెడితే చాలు.

```
=AND(WEEKDAY(A2)=7,OR(AND(DAY(A2)>=8,DAY(A2)<=14),AND(DAY(A2)>=22,DAY(A2)<=28)))
```

TRUE వచ్చిన తేదీలన్నీ బ్యాంకు మూసే శనివారాలు. 2025 అక్టోబర్‌కు అవి 11, 25. ఆదివారాలు నాలుగు, ఈ శనివారాలు రెండు, విజయదశమి ఒకటి, దీపావళి ఒకటి. 31లోంచి ఎనిమిది పోగా 23. అయిదు రోజుల ఆఫీసుకు ఆ నెలలో 21 అని చూశాం. 2026 ఆగస్టు 15 ఇంకా సరదా. అది శనివారం, అదీ మూడో శనివారం. అయిదు రోజుల ఆఫీసు ఉద్యోగికి స్వాతంత్ర్య దినోత్సవం సెలవు కలిసిరాలేదు, బ్యాంకు ఉద్యోగికి కలిసొచ్చింది. జీతాల షీటు ఇద్దరికీ ఒకటే అయితే ఇద్దరిలో ఒకరికి తప్పు జరిగినట్టే.

సెలవుల జాబితా ఏటా కొత్తగా రాసుకోవాల్సిందే. జూన్ 2 తెలంగాణలో సెలవు, ఆంధ్రప్రదేశ్‌లో కాదు. రంజాన్, బక్రీద్ నెలవంకను బట్టి మారతాయి, ఒక్కోసారి పండగకు ఒకట్రెండు రోజుల ముందు ప్రభుత్వం తేదీ మారుస్తుంది. వచ్చే అయిదేళ్లకూ ఒకేసారి జాబితా తయారుచేసి పెట్టుకున్నామనేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

పని దినాల కంటే ముందు నెలాఖరును సరిగ్గా పట్టుకోవాలి, ఎందుకంటే జీతం, అద్దె, వాయిదా అన్నీ అక్కడే వేలాడుతుంటాయి. నెలలో చివరి రోజు 28, 29, 30, 31లో ఏదైనా కావచ్చు. పిడికిలి బిగించి కణుపుల మీద లెక్కపెట్టడం మనకు బళ్లో నేర్పారు. కంప్యూటర్‌కు ఆ పట్టికా అక్కర్లేదు, లీపు సంవత్సరం సూత్రమూ అక్కర్లేదు. వచ్చే నెల ఒకటో తేదీ ఏదో దానికి తెలుసు. అందులోంచి ఒక రోజు తీసేస్తే ఈ నెలాఖరు. మార్చి ఒకటికి ముందు రోజు 28వ తేదీయా 29వ తేదీయా అన్నది తేదీల వరసే చూసుకుంటుంది. ఎక్సెల్‌లో ఇలా రాస్తారు.

```
=DATE(2026,3,0)
=EOMONTH(A2,0)
```

మార్చి సున్నాో తేదీ అంటే నవ్వొస్తుంది గానీ, ఒకటికి ముందు రోజని ఎక్సెల్‌కు అర్థమై 2026 ఫిబ్రవరి 28 ఇస్తుంది. రెండో ఫార్ములా A2లో ఉన్న తేదీ ఏ నెలదో చూసి ఆ నెలాఖరు ఇస్తుంది. సున్నా బదులు 1 ఇస్తే వచ్చే నెలాఖరు, -1 ఇస్తే పోయిన నెలది.

పన్నెండు నెలల చివరి తేదీలు ఒక కాలమ్‌లో కావాలన్నప్పుడు చాలామంది EDATE వాడతారు. ఒక తేదీకి ఒక నెల కలపడం దాని పని. జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 31 లేదు కాబట్టి 28 ఇస్తుంది. న్యాయమే. ఈ న్యాయం కంప్యూటర్లకంటే పాతది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 23వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. ఒక నెల గడువుతో రాసిన పత్రానికి గడువు నెలలో ఆ తేదీ లేకపోతే, ఆ నెల చివరి రోజుతో గడువు ముగుస్తుంది. జనవరి 29న రాసిన పత్రానికి ఫిబ్రవరి 28 అని ఆ చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. ఆ పైన మూడు రోజులు అదనపు గడువు కూడా ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి.

చిక్కు తర్వాతి వరసలో వస్తుంది. ఫార్ములాను కిందికి లాగితే అది పై సెల్‌లోని తేదీకి ఒక నెల కలుపుతుంది. పై సెల్‌లో ఇప్పుడున్నది ఫిబ్రవరి 28. దానికి నెల కలిపితే మార్చి 28, ఆ తర్వాత ఏప్రిల్ 28. మనం బయల్దేరింది 31 నుంచి అన్న సంగతి ఫిబ్రవరిలోనే చెరిగిపోయింది. డిసెంబర్ దాకా అన్నీ ఇరవై ఎనిమిదులే. మొదటి తేదీని కదలనీయకుండా ఉంచి, దాని నుంచే ప్రతి నెలనూ లెక్కిస్తే ఈ జారుడు ఉండదు. A2లో మొదటి తేదీ ఉంటే ఇది రాసి కిందికి లాగాలి.

```
=EOMONTH($A$2,ROW(A1)-1)
```

ROW(A1) ఒకటి, కింది వరసలో రెండు, అలా పెరుగుతూ పోతుంది. లీపు సంవత్సరంలో కూడా సరిపోతుంది.

ఇప్పుడు రెండు లెక్కలూ కలిసేచోటికి వచ్చాం. ‘నెల చివరి పని దినం’ కావాలి, జీతం ఆ రోజే పడాలి. మొదట తోచే ఫార్ములా, నెలాఖరు నుంచి ఒక పని దినం వెనక్కి పోవడం.

```
=WORKDAY(EOMONTH(A2,0),-1,$F$2:$F$15)
```

2026 జనవరికి పెట్టి చూడండి. నెలాఖరు 31 శనివారం. ఒక పని దినం వెనక్కి పోతే శుక్రవారం 30. సరైన జవాబే. ఫిబ్రవరికి చూడండి. 28 శనివారం, వెనక్కి పోతే 27. ఇదీ సరైనదే. రెండు నెలలు పరీక్షించాం, బాగానే ఉందని షీటును అందరికీ పంపేస్తారు. మార్చి 31 మంగళవారం. ఆ రోజు సెలవు లేని ఆఫీసులో నెల చివరి పని దినం అదే. కానీ WORKDAY మొదటి రోజును లెక్కలోకి తీసుకోదని ముందే చూశాం. అది 31ని దాటేసి 30 అంటుంది. ఏప్రిల్ 30 గురువారమైతే 29 అంటుంది. నెలాఖరు వారాంతంలో పడిన నెలల్లో మాత్రమే ఈ ఫార్ములా నిజం చెబుతుంది. 2026లో అలాంటివి జనవరి, ఫిబ్రవరి, మే, అక్టోబర్ నాలుగే. ఏడాది మొదటి రెండు నెలలూ అందులోనే పడటం పరీక్షించినవాళ్ల దురదృష్టం. మందు చిన్నది. నెలాఖరు నుంచి కాకుండా, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వెనక్కి రావాలి.

```
=WORKDAY(EOMONTH(A2,0)+1,-1,$F$2:$F$15)
```

ఒకటో తేదీని దాటేస్తే దాటేయనివ్వండి, అది మనకు అక్కర్లేని రోజే. మార్చి 31 ఇప్పుడు 31గానే ఉంటుంది. ఫిబ్రవరిలో 27 మారదు. ఏ ఫార్ములానైనా పరీక్షించేటప్పుడు నెలాఖరు శనివారం పడిన నెల ఒకటి, ఆదివారం పడినది ఒకటి, మామూలు రోజు పడినది ఒకటి, నెలాఖరే పండగైనది ఒకటి తీసుకోవాలి. ఈ నాలుగింట్లో నిలబడితే మిగతా నెలల్లో సాధారణంగా పడదు.

బ్యాంకు క్యాలెండర్‌తో అయితే 2026 జనవరి 31, ఫిబ్రవరి 28 రెండూ శనివారాలే అయినా జవాబులు వేరు. జనవరిది అయిదో శనివారం, బ్యాంకు తెరిచి ఉంటుంది, చివరి పని దినం అదే. ఫిబ్రవరిది నాలుగో శనివారం, మూసేస్తుంది, కాబట్టి 27. జీతాలూ ఈఎంఐలూ నడిచే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి వారంలో ఏడు రోజులూ పని చేస్తోంది. కాబట్టి ఆదివారమైనా ఖాతాలో డబ్బు పడొచ్చు, ఖాతాలోంచి వాయిదా కోత కూడా పడొచ్చు. ఆదివారం కదా, సోమవారం కడితే సరిపోతుందిలే అనుకుని ఖాతా ఖాళీగా ఉంచినవాళ్లకు ఈ మార్పు బౌన్స్ చార్జీ రూపంలో తెలిసొచ్చింది.

గడువు సెలవు రోజున పడితే ముందుకు జరగాలా, వెనక్కి జరగాలా అన్నది ఫార్ములా చెప్పగలిగేది కాదు. చట్టాలే రెండు దారుల్లో పోయాయి. కోర్టులోనో ప్రభుత్వ కార్యాలయంలోనో చేయాల్సిన పనికి చివరి రోజు ఆ ఆఫీసు మూసి ఉంటే, తెరిచిన మర్నాడు చేసినా చెల్లుతుందని జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్ అంటుంది. ప్రామిసరీ నోటు గడువు సెలవు రోజున పడితే మాత్రం, దానికి ముందున్న పని దినమే గడువని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ అంటుంది. ఒకే ఆదివారం, అర్జీ పెట్టేవాడికి సోమవారం, అప్పు తీర్చేవాడికి శనివారం అయింది. ఆ శనివారమూ సెలవైతే శుక్రవారం.

అప్పు పత్రాల వ్యాపారంలో, అంటే బాండ్లూ వడ్డీ ఒప్పందాల్లో, మూడో దారి ఒకటి వాడుకలో ఉంది. గడువు సెలవు రోజున పడితే తర్వాతి పని దినానికి జరపాలి. కానీ అలా జరిపితే నెల మారిపోయేటట్టయితే జరపకూడదు, వెనక్కి రావాలి. ఒక నెల వడ్డీ ఇంకో నెల ఖాతాలోకి పోకూడదన్నది దీని వెనకున్న ఉద్దేశం. ఒప్పందంలో ‘మోడిఫైడ్ ఫాలోయింగ్’ అన్న రెండు మాటలు కనిపిస్తే అర్థం ఇదే. శని, ఆదివారాలు సెలవని రాసుకున్న ఒప్పందంలో 2026 మే 31, ఆదివారం పడిన వాయిదా సోమవారం జూన్ 1కి పోలేదు, నెల దాటుతుంది కాబట్టి శుక్రవారం మే 29కి వెనక్కి వస్తుంది. వారం తర్వాత జూన్ 7, అదీ ఆదివారమే, ఆ రోజు పడిన వాయిదా మాత్రం సోమవారం జూన్ 8కి ముందుకు పోతుంది.